లాభం, రెండు, మూడు

బీదర్‌లో ఉస్మాన్‌గంజ్ వెనక సందులో మొగులప్ప కిరాణా దుకాణం ముప్పై నాలుగేళ్లుగా నడుస్తోంది. ఎలా నడుస్తోందో మొగులప్పకే తెలియదు. "దందా ఎట్లున్నది?" అని ఎవరైనా అడిగితే గల్లాపెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. చిల్లర గలగలమంటే లాభం. గలగలమనకపోతే ఆ రోజు అమావాస్య అయి ఉండాలి, లేదా హుమ్నాబాద్ రోడ్డు మీద లారీలు ఆగిపోయి ఉండాలి. అంతే ఆయన లెక్కల శాస్త్రం.

చదువు ఐదో తరగతి. అందులోనూ లెక్కల పంతులు పశువుల జాతరకు పోయి రెండేళ్లు తిరిగి రాలేదట. వచ్చేసరికి మొగులప్ప బడి మానేసి పెళ్లి కూడా చేసుకున్నాడట. ఇది ఆయన చెప్పిన మాటే. ఆయన మాటల్ని తక్కెడలో వేస్తే పది కిలోలకు రెండు కిలోలు తేలుతాయి. "మా తాత తక్కెడ మీద ఈగ వాలితే ఈగ తూకం కూడా చూపెట్టేది. ఆ ఈగకు తాత పావు బెల్లం ఉద్దెర ఇచ్చిండు. ఇంకా కట్టలే" అని ఆయన చెబుతుంటే, సరుకు కోసం వచ్చినవాళ్లు అప్పు అడగడానికి కొంచెం సిగ్గుపడేవారు. కొంచెమే.

ఇలాంటి మనిషి మెడకు లెక్కలు చుట్టుకోవడానికి కారణం స్టాన్లీ.

స్టాన్లీది హుమ్నాబాద్. అక్కడ అతనికి ఒక మినీ మార్ట్ ఉంది. బీదర్‌లో రెండోది పెట్టాలని, మొగులప్ప దుకాణం మీద కన్ను వేశాడు. వారానికోసారి వచ్చి పావుకిలో పల్లీలు కొని, అవి నములుతూ గోడల్ని కళ్లతో కొలిచేవాడు. ఒకరోజు నేరుగా మొగులప్ప భార్య అంబమ్మను అడిగాడు. దుకాణం గది ఆమె పేరు మీదే ఉంది మరి.

"అంబక్కా, నెలకు పన్నెండు వేలు కిరాయి ఇస్త. దుకాన్ల ఉన్న సరుకు కొన్న ధరకే తీసుకుంట. మొగులన్నకు మోకాళ్లు నొస్తున్నయంటున్నవు గద, జర కూసుంటడు."

అంబమ్మ మొగుడి వైపు చూసింది. "ఏమయ్య, దుకానంల నెలకు ఎంత మిగుల్తది?"

"మస్తు మిగుల్తది."

"మస్తు అంటే ఎంత?"

"మస్తు అంటే..." మొగులప్ప గల్లాపెట్టె మీద దెబ్బ వేశాడు. ఆ రోజు అది కూడా పలకలేదు.

"ముప్పై నాలుగేండ్ల నుంచి మస్తు మస్తు అనుడే విన్న" అంది అంబమ్మ. "ఒక నెల లెక్క రాద్దాం. అన్ని ఖర్చులు పోను పన్నెండు వేల కన్న ఎక్కువ మిగిల్తే దుకానం నీది. ఈ ముచ్చట మళ్ల ఎత్తను. తక్కువైతే తాళంచెవులు స్టాన్లీకి. నీ తాత మీద ఒట్టు వెయ్యి."

మొగులప్ప తాత మీద ఒట్టు వేశాడు. వేశాక గాని భయం పుట్టలేదు. ఆ గది లేకపోతే తాను పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? ఇంట్లో కుర్చీ ఉంది, టీవీ ఉంది, అంబమ్మ ఉంది. మూడూ ఒకేసారి మాట్లాడతాయి.

లెక్క రాసేది ఎవరు? దానికి అంబమ్మ అన్న కూతురు విద్య దొరికింది. జహీరాబాద్ పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల, బీదర్‌లో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో లెక్కలు చూసే నౌకరీ, ఉండేది ఈ అత్త ఇంట్లోనే. ఒకటో తారీఖున ఒక పెద్ద నోటుబుక్కు పట్టుకొని దుకాణానికి వచ్చింది. ఆ రోజు మొగులప్ప పప్పులు కొనడానికి ఖటక్ చించోళి పోయాడు. మేనత్తా మేనకోడళ్లిద్దరే సంచులన్నీ లెక్కపెట్టి, కొన్న ధర కట్టి, మొదటి పేజీలో రాశారు: ఉన్న సరుకు, ఒక లక్షా ఎనభై ఆరు వేలు.

మొగులప్ప తిరిగొచ్చి అది చూసి పొంగిపోయాడు. "చూసినవా అంబీ, లక్షాధికారివి."

"అది లాభం కాదు మామ, సరుకు" అంది విద్య. "నెల ఆఖరున మళ్ల లెక్కపెడ్తం. ఇప్పుడున్న సరుకుకు ఈ నెల కొన్నది కలిపి, ఆఖరుకు మిగిలింది తీసేస్తే, అమ్ముడుపోయిన సరుకుకు నువ్వు పెట్టిన ధర తెలుస్తది. అమ్మిన పైసల్ల నుంచి అది తీసెయ్యాలె. తర్వాత ఖర్చులు తీసెయ్యాలె. మిగిలిందే నీది."

"ఇంత తీసేసినంక ఇంకేం మిగుల్తది బిడ్డా, సంచులు కుట్టే సుతిలి తప్ప."

ఆ రోజు నుంచి రోజూ గల్లా పరీక్ష. పొద్దున గల్లాలో ఎంతుందో రాయాలి. వచ్చింది కలపాలి, పోయింది తీసేయాలి. పుస్తకంలో తేలిన మొత్తం, సాయంత్రం గల్లాలో చేత్తో లెక్కపెట్టిన మొత్తం ఒకటే కావాలి. మొదటి సాయంత్రమే రెండు వందల పది రూపాయలు తక్కువ పడ్డాయి.

"ఎలుకలు" అన్నాడు మొగులప్ప గంభీరంగా. "ఈ సందుల ఎలుకలు నోట్లే తింటయి. కాగితం సన్నగుంటది గద."

"ఎలుక చాయ్ తాగిందా మామ? హోటలాయన నాలుగు కప్పులకు నలభై అంటుండు. ఆటో ఆయనకు నూటయాభై ఇచ్చినవట. పాన్ డబ్బా మీద ఇంకో ఇరవై."

"ఎలుక పాన్ కూడా తింటదని నాకు ఇప్పుడే తెలిసె" అంది అంబమ్మ.

ఆటో ఖర్చు దుకాణం ఖర్చులో పడింది. చాయ్, పాన్ మాత్రం "సొంతానికి" అనే ఇంకో వరుసలో పడ్డాయి. అవి దుకాణం తాగింది కాదు, మొగులప్ప తాగింది అని విద్య తీర్పు. అంబమ్మ నవ్వడం ఎక్కువసేపు సాగలేదు. మూడో రోజు ఆమె కిలో కందిపప్పు కొంగులో కట్టుకొని పోతుంటే విద్య కలం తీసింది.

"నా మొగని దుకానంల నా పప్పుకు కూడ చిట్టీనా?"

"కొన్న ధరకే రాస్తున్న అత్తా. రాయకపోతే పప్పు పోయింది గాని పైసలు రాలేదని దుకానం నష్టంల కనబడ్తది. మామ ఓడిపోతడు."

"అయితే రాయకు" అంది అంబమ్మ. విద్య రాసింది.

ఫోన్‌లో పడే పైసలు ఇంకో తగాదా. గోడ మీద అంటించిన నల్ల గళ్ల బొమ్మకు జనం ఫోన్ చూపించి పోతుంటే, అది డబ్బే కాదని మొగులప్ప లోలోపలి నమ్మకం. చప్పుడు చేయని పైస ఏం పైస? విద్య రోజూ ఆయన ఫోన్ తీసుకొని ఒక్కో మొత్తం రాసి, అమ్మకంలో కలిపేది. ఒక వారానికి పద్నాలుగు వేలు తేలితే ఆయన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూశాడు.

పదిహేనో తారీఖున బగ్దల్ నుంచి పాత గిరాకీ గుండప్ప వచ్చి ఐదు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. మొగులప్పకు రెక్కలొచ్చాయి.

"రాయి బిడ్డా, పెద్ద అంకెలు రాయి. ఐదు వేల అమ్మకం."

"గుండప్ప సరుకు ఎప్పుడు తీస్కపోయిండు?"

"పోయిన దీపావళికి."

"అయితే అది దీపావళి అమ్మకం. ఈ రోజు గల్లాలకు వచ్చిందని రాస్త. ఈ నెల అమ్మకంల రాయను."

"అరె, పైసలు ఇప్పుడు వచ్చినయి గదనే."

"ఈ నెల నువ్వు ఉద్దెర ఇచ్చింది ఈ నెల అమ్మకంలనే రాస్తున్న గద, పైసలు రాకున్నా. గట్ల రాసినప్పుడు నోరు మూస్కున్నవు."

అది నిజమే కాబట్టి మొగులప్ప మళ్లీ నోరు మూసుకున్నాడు. రెండు రోజులాగి, గంజ్ నుంచి అప్పు మీద తెచ్చిన నూనె డబ్బాలను "పైసలు ఇయ్యలే గద, కొన్నట్టెట్లయితది" అని దాటవేయబోయాడు. అవీ కొనుగోలులోకి ఎక్కాయి. ఈ పిల్ల ముందు దొంగలెక్క చెప్పడం కన్నా బీదర్ కోట గోడ దూకడం సులువని ఆయనకు అర్థమైంది.

అయినా లోపల ఒక తృప్తి కూడా మొదలైంది. సాయంత్రం పుస్తకం, గల్లా రూపాయికి రూపాయి కలిసిన రోజు, ఆయన గిరాకీలను నిలబెట్టి చూపించేవాడు. "ఇగో, ఇది చూడు. మా తాత కాలంల నిజాం ఖజానా కూడ గిట్ల కలవలే. ఒక్క రూపాయి తేడా వచ్చి దివాన్ మూడు దినాలు అన్నం తినలేదు." అన్నం తినని దివాన్ సంగతి ఈయనకు ఎవరు చెప్పారని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడిగితే ఇంకో కథ వస్తుంది.

నెల ఆఖరు ఆదివారం పడింది. మధ్యాహ్నం దుకాణం మూసి ఆఖరు సరుకు లెక్క పెట్టారు. అంబమ్మ ఇంట్లో ఉంది. మొగులప్ప టార్చి పట్టుకొని వెనక గదిలోకి దూరాడు. విద్య ముందు గల్లా దగ్గర కూర్చొని పుస్తకం విప్పింది. ఆయన లోపలి నుంచి అరవడం, ఆమె బయట రాయడం.

"సోనా బియ్యం. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరు మీద ఒకటి, ఎనిమిది, తొమ్మిది."

ఆరు మీద ఒకటి అంటే ఏడని విద్యకు నెల రోజుల్లో తెలిసిపోయింది. దుకాణంలో 'ఏడు' అనడు మామ, ఏడుపు మాట అని. మొదట వచ్చే ఆ 'లాభం' ఏమిటో మాత్రం ఆమె అడగలేదు. లెక్క మొదలుపెట్టే ముందు దేవుడి పేరు తలచుకున్నట్టు లాభాన్ని తలచుకుంటున్నాడనుకుంది. బియ్యం తొమ్మిది అని రాసింది.

"గోధుమలు. లాభం, రెండు, మూడు, నాలుగు."

నాలుగు అని రాసింది.

"చక్కెర. లాభం."

విద్య కలం ఎత్తి పట్టుకొని ఎదురుచూసింది. తర్వాత అంకె ఏదీ రాలేదు. లోపల సంచులు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"చక్కెర అంతేనా మామ?"

"అంతే. లాభం."

"సరే మామ" అని చక్కెరకు ఎదురుగా చిన్న గీత గీసింది. పాపం, ఏమీ లేని చోట కూడా దేవుడిని తలచుకుంటున్నాడు అనుకుంది.

పెసరపప్పు దగ్గరా అదే, శనగపప్పు దగ్గరా అదే. మూడు గీతలు పడ్డాయి. విడి డబ్బాల్లో ఉన్నవి తూచి వేరే రాసుకున్నారు. మొగులప్ప ఒళ్లంతా పిండితో బయటికి వచ్చి, గంట కొట్టిన పంతులులా కూర్చున్నాడు.

సాయంత్రానికి విద్య లెక్క తేల్చింది. అంబమ్మ వచ్చి ఎదురుగా పీట వేసుకుంది.

"మొదట ఉన్న సరుకు ఒక లక్షా ఎనభై ఆరు వేలు. ఈ నెల కొన్నది రెండు లక్షల పది వేలు. రెండూ కలిపి మూడు లక్షల తొంభై ఆరు. ఇంటికి తీస్కపోయిన సరుకు మూడు వేల నాలుగొందలు తీసేసిన."

"అన్ని తిన్ననా నేను?" అంది అంబమ్మ.

"మనం ముగ్గురం అత్తా. ఇప్పుడు మిగిలిన సరుకు ఒక లక్షా అరవై వేల ఎనిమిది వందలు. అది కూడ తీసేస్తే, అమ్ముడుపోయిన సరుకు ధర రెండు లక్షల ముప్పై ఒక్క వెయ్యి ఎనిమిది వందలు. అమ్మింది నగదు, ఫోను, ఉద్దెర అన్నీ కలిపి రెండు లక్షల నలభై మూడు వేలు."

"చూసినవా" అన్నాడు మొగులప్ప. ఏం చూడాలో ఆయనకూ తెలియదు.

"తేడా పదకొండు వేల రెండు వందలు. అందుల కరెంటు, హమాలీ, ఆటో, సంచులు, అన్ని ఖర్చులు నాలుగు వేల ఐదు వందలు పోతయి." విద్య గొంతు తగ్గించింది. "ఆరు వేల ఏడు వందలు, మామ."

దుకాణంలో కూర్చొని ఆ అంకెను ఆమె 'ఆరు మీద ఒకటి' అనకుండా 'ఏడు' అనే చెప్పింది. మొగులప్ప దాన్ని కూడా దిద్దలేదు.

గెలిచిన మనిషి మొహంలా లేదు అంబమ్మ మొహం. "రేపు స్టాన్లీని రమ్మను" అని లేచింది. గడప దగ్గర ఆగి, "అన్నంల నంజుకోను మిరపకాయలు వేయించి పెట్టిన. జల్దీ రా" అంది. ఓడిపోయినవాడికి ఆ ఇంట్లో ఎప్పుడూ వేయించిన మిరపకాయలే.

మొగులప్ప కాసేపు తక్కెడ తుడిచాడు. ఇప్పుడు తూచేది కరెంటు కాంటా మీదే, ఆ పాత తక్కెడ మూలకు వేలాడుతూ ఉంటుంది. అయినా పళ్లేలు రెండూ తుడిచాడు. ఎన్ని కోతలు కోసినా ఆయనకు ఒకటి తెలుసు. ఊళ్లో ఆయన్ని ఎవరైనా 'మొగులప్ప సేట్' అనేది ఈ గడప లోపలే. గడప దాటితే ఆయన అంబమ్మ మొగుడు.

సోమవారం పొద్దున దుకాణం తెరవకముందే స్టాన్లీ వచ్చాడు. చేతిలో కొలిచే టేపు, జేబులో అడ్వాన్సు. ముందుగా సరుకు చూసుకుంటానన్నాడు. విద్య పుస్తకంలోని జాబితా అతని చేతికిచ్చింది. అతను ఒక్కో సంచి మీద చెయ్యి వేస్తూ టిక్కు పెట్టుకుంటూ వెనక గదిలోకి పోయాడు. మొగులప్ప ముందు గదిలోనే నిలబడ్డాడు. తన సంచుల మీద ఇంకొకరి చెయ్యి పడటం ఎందుకు చూడాలి?

లోపలి నుంచి స్టాన్లీ గొంతు వినిపించింది. "మొగులన్నా, ఈ చక్కెర సంచి ఎవరిది?"

"నాదే. ఇంకెవరిది?"

"లిస్టుల లేదు గద. చక్కెర అని రాసి గీత కొట్టిన్రు. నాకు ఫ్రీనా?" బయటికి వచ్చి నవ్వుతూ అన్నాడు. "పెసరపప్పు కూడ లిస్టుల లేదు, లోపల మూతి కట్టి ఉన్నది. శనగపప్పు కూడ. మూడు సంచులు నాకు కానుక ఇస్తున్నవా? తీస్కుంటే రాత్రి నిద్ర పట్టదని అడుగుతున్న."

మొగులప్ప విద్య వైపు తిరిగాడు. "ఏం బిడ్డా, చక్కెర ఎందుకు రాయలే? నిన్న చెప్పిన గద."

"ఎన్ని అని చెప్పినవు మామ?"

"లాభం అని చెప్పిన."

"అదే. లాభం అన్నవు, తర్వాత అంకె చెప్పలే."

"లాభమే అంకె."

విద్య ఆయన్ను, ఆయన విద్యను చూసుకున్నారు. మధ్యలో టేపు పట్టుకొని స్టాన్లీ. ఈ లోగా అడ్వాన్సు సంగతి చూడటానికి వచ్చిన అంబమ్మ గడప మీద ఆగిపోయింది.

"బిడ్డా," అంది నెమ్మదిగా, "మీ మామ నిన్న చక్కెర దగ్గర ఏమన్నడు?"

"లాభం అన్నడు. పెసరపప్పుకు లాభం అన్నడు. శనగపప్పుకు కూడ. లెక్కకు ముందు దేవుని పేరు తీస్కున్నట్టు అంటుండని అనుకున్న. తర్వాత ఏం చెప్పకపోతే లేదని గీత కొట్టిన."

అంబమ్మ గడప మీదే కూర్చుండిపోయింది. నవ్వు ఆమెను కూర్చోబెట్టింది. "ఓ నా తల్లీ. ధాన్యం కొలిచేటోళ్లు ఒకటి అనరే. మొదటి దాన్ని లాభం అంటరు. లాభం, రెండు, మూడు. కళ్లంల మా నాయన కూడ గట్లనే కొలిచేటోడు. ఒక్కటే సంచి ఉంటే లాభం అని ఊకుంటరు."

"జహీరాబాద్‌ల మాకు ప్యాకెట్లు అత్తా" అంది విద్య చిన్నబోయి. "లాభం అని రాసిన ప్యాకెట్ నేనెప్పుడూ చూడలే."

"ఒకటి అని ఎట్లంటం?" అన్నాడు మొగులప్ప. ఆయనకు ఇంకా సంగతి పూర్తిగా ఎక్కలేదు. పద్ధతికి జరిగిన అవమానం దగ్గరే ఉన్నాడు. "ఒకటి అంటే ఒంటరిది. సరుకు ఒంటరిదైతే..."

"మామ, జర ఆగు." విద్య అప్పటికే పుస్తకం విప్పింది. "చక్కెర యాభై కిలోల సంచి, రెండు వేల వంద. పెసరపప్పు ముప్పై కిలోలు, రెండు వేల తొమ్మిది వందల నలభై. శనగపప్పు రెండు వేల నూట అరవై. మొత్తం..."

"ఏడు వేల రెండొందలు" అన్నాడు స్టాన్లీ. ఫోన్‌లో కూడేశాడు. తన నోటితో తానే చేతికి రాబోయే దుకాణాన్ని పోగొట్టుకుంటున్నానని కూడేశాక గాని తెలియలేదు అతనికి.

"మిగిలిన సరుకు అంత పెరిగితే అమ్ముడుపోయిన సరుకు ధర అంత తగ్గుతది. లాభం అంత పెరుగుతది. ఆరు వేల ఏడు వందలకు ఏడు వేల రెండు వందలు." విద్య కింద గీత గీసింది. "పదమూడు వేల తొమ్మిది వందలు."

స్టాన్లీ అనుమానం తీర్చుకోవాలనుకున్నాడు. తప్పు లేదు, అడ్వాన్సు జేబులో బరువుగా ఉంది. "మొదటి తారీఖు లెక్కల కూడ గట్లనే సంచులు పోయినయేమో విద్యమ్మా. అప్పుడు ఆ సరుకు కూడ పెరగాలె గద."

"మంచిగ అడిగినవు అన్నా. రెండు సార్లు అదే తప్పు జరిగి, అంతే ధర సంచులు పోతే, ఒకదానికొకటి సరిపోయేటిది. కాని ఆ రోజు మామ లేడు. నేను, అత్త పెట్టినం. ఒకటి అనే పెట్టినం."

"నేను పట్నం పిల్ల పక్కన ఉన్నా గద, నాగరికం నేర్చిన" అంది అంబమ్మ.

అందరూ మరోసారి వెనక గదిలోకి పోయి, టార్చి వేసి, జాబితా మొత్తం సంచి సంచికీ సరిచూశారు. మిగిలినవన్నీ సరిపోయాయి. స్టాన్లీ టేపు చుట్టుకొని జేబులో పెట్టుకున్నాడు. మొగులప్ప అప్పటికి తేరుకొని, గల్లా వెనక తన చోట కూర్చొని, పొట్ట మీద చేతులు వేసుకున్నాడు.

"మస్తు మిగుల్తదని నేను మొదటి దినమే చెప్పిన."

అంబమ్మ పీట లాక్కొని కూర్చుంది. "స్టాన్లీ పన్నెండు వేలు ఇస్తడు, నేను చెయ్యి కదపకుండ. నీకు పదమూడు వేల తొమ్మిది వందలు వచ్చినయి. అంటే నువ్వు నెలంతా ఈ సంచులు మోసి, మోకాళ్లు అరగదీసుకొని సంపాయించింది ఎంత బిడ్డా?"

"పంతొమ్మిది వందలు ఎక్కువ" అంది విద్య. "దినానికి అరవై మూడు రూపాయలు."

"ఉపాధి హామీల గడ్డపార పడితే దీనికి నాలుగింతలు ఇస్తరు."

మొగులప్ప పొట్ట మీది చేతులు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అది కూడా నిజమే. లెక్క ఆయన పక్షాన ఉన్నా, మరీ దగ్గరకు రాలేదు. విద్య అది చూసి, "ఉద్దెర వసూలు చేసి, అప్పు మీద కాకుండ నగదుకు కొంటే ధర తగ్గుతది మామ. వచ్చే నెల చూద్దాం" అంది.

"వచ్చే నెల కూడ రాస్తవా?"

"రాయకపోతే నీకెట్ల తెలుస్తది?"

"ఒట్టు ఒక నెలకే వేసిన గదనే" అన్నాడు గాని, నోటుబుక్కు కొత్త పేజీ తానే విప్పి ఆమె ముందుకు జరిపాడు.

స్టాన్లీ ఇంకా పోలేదు. పల్లీల డబ్బా దగ్గర నిలబడి, ఏదో అడగాలా వద్దా అని ఒక పల్లీ ఒలుస్తున్నాడు. చివరికి అన్నాడు. "విద్యమ్మా, ఆదివారం ఖాళీగ ఉంటవా? హుమ్నాబాద్ దుకాన్ల... కంప్యూటర్ ఉన్నది, బిల్లు చక్కగ వస్తది. కాని మిగిలేది ఎంతో..."

"ఎంత?" అన్నాడు మొగులప్ప, ముందుకు వంగి.

"మస్తే అన్నా" అన్నాడు స్టాన్లీ. "గల్లా నిండుతాంది గద."

అంబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగులప్ప మాత్రం నవ్వలేదు. లేచి, స్టాన్లీ భుజం మీద చెయ్యి వేసి, పక్కన ఉన్న బియ్యం సంచి మీద కూర్చోబెట్టాడు. విద్య చేతిలోంచి కలం తీసుకున్నాడు.

"ఇట్ల చూడు తమ్మీ. ముందు నువ్వు ఒక మాట చెప్పు. నీ దుకాన్ల చాయ్ ఎవరు తాగుతరు, నువ్వా, దుకానమా?"